దుస్తుల లేబుల్ ఫొటో నుంచి అరబిక్‌కు: 65 శాతం పాలిస్టర్ కాస్తా 65 శాతం నూలు ఎలా అవుతోంది?

సారాంశం: దుస్తుల లోపలి కుట్టులో ఉండే వాష్‌కేర్ లేబుల్‌ను ఫొటో తీసి అరబిక్‌లోకి మార్చేటప్పుడు ఎక్కువ తప్పులు పోగుల పేర్ల దగ్గర కాకుండా మూడు ఇతర చోట్ల పుడుతున్నాయి. గుర్తుల్లోని సన్నని గీతలు ఫొటోలో మాయమవుతున్నాయి. కుడి నుంచి ఎడమకు సాగే లిపిలో శాతాలు పక్క పేరుకు అంటుకుంటున్నాయి. వస్త్ర పరిభాషలోని మామూలు ఆంగ్ల మాటలు వేరే అర్థంలోకి వెళ్లిపోతున్నాయి. ముందు గుర్తును దాని ప్రమాణం ప్రకారం చదివి, ఆ తర్వాతే అనువదించడం, పోగు పేరును ముందు రాసి శాతాన్ని తర్వాత రాయడం ఈ తప్పులను చాలావరకు ఆపుతాయి.

## హైదరాబాద్‌లో ఈ అవసరం ఎందుకు వస్తోంది

పత్తర్‌గట్టి షేర్వానీ దుకాణాల నుంచి, చార్మినార్ చుట్టుపక్కల అబాయా దుకాణాల నుంచి గల్ఫ్ దేశాలకు బట్టలు వెళ్లడం కొత్త సంగతి కాదు. కొంత సరుకు బంధువుల సూట్‌కేసుల్లో వెళ్తుంది, కొంత పార్సిళ్లలో వెళ్తుంది. మారినదల్లా కొనుగోలు జరిగే తీరు. దమ్మామ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న కొనుగోలుదారు ఇప్పుడు బట్టను తాకి చూడకుండా ఫోన్‌లో ఫొటో చూసి కొంటున్నారు. గుడ్డ దేనితో నేసింది, నీళ్లలో వేయవచ్చా, ఇస్త్రీ ఎంత వేడితో చేయాలి అన్న ప్రశ్నలకు జవాబు లేబుల్‌లో ఉంటుంది, కాని అది చాలాసార్లు ఆంగ్లంలోనే ఉంటుంది. దుకాణదారు లేబుల్‌ను ఫొటో తీసి, ఫోన్‌లోని అనువాద యాప్‌కు చూపించి, వచ్చిన అరబిక్ పాఠాన్ని కొనుగోలుదారుకు పంపుతున్నారు. కొందరు అదే పాఠాన్ని స్టిక్కర్‌గా అచ్చు వేయించి ప్యాకెట్ మీద అంటిస్తున్నారు.

ఈ పద్ధతి చూడటానికి సులువుగా ఉంటుంది. నగరంలో ఉర్దూ చదవగలిగినవారు చాలామంది ఉండటం వల్ల వచ్చిన పాఠాన్ని ఒకసారి చూసి సరిగ్గానే ఉందని అనుకోవడమూ తేలిక. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే లేబుల్‌లో అసలు ఏముంటుందో ముందు చూడాలి.

## లేబుల్‌లో రెండు వేర్వేరు వ్యవస్థలు

వాష్‌కేర్ లేబుల్‌లో సాధారణంగా రెండు భాగాలుంటాయి. ఒకటి గుడ్డ కూర్పు: ఏ పోగు ఎంత శాతం ఉందో చెప్పే వరుస. రెండోది సంరక్షణ గుర్తులు: తొట్టి, త్రిభుజం, చతురస్రం, ఇస్త్రీ పెట్టె, వృత్తం. మొదటిది పేరు, అంకె జతగా ఉండే చిన్న పట్టిక. రెండోది ఏ భాషకూ చెందని సంకేతలిపి. రెండూ వాక్యాలు కావు. అనువాద యాప్‌లు వాక్యాల మీద పని చేయడానికి తయారైనవి కాబట్టి ఈ రెండు భాగాల్లోనూ అవి తడబడటంలో ఆశ్చర్యం లేదు.

గుర్తుల వ్యవస్థకు వెనుక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. ఈ గుర్తుల మీద హక్కులున్న జినెటెక్స్ అనే సంఘం 1963లో పారిస్‌లో ఏర్పడింది. ఆ గుర్తులే ఐఎస్ఓ 3758 అనే ప్రమాణంగా స్థిరపడ్డాయి. ప్రస్తుత క్రమం ప్రకారం ముందు ఉతకడం, తర్వాత బ్లీచింగ్, ఆరబెట్టడం, ఇస్త్రీ, చివరగా వృత్తిపరమైన శుభ్రపరచడం వస్తాయి. 2012 కంటే ముందు ఈ ప్రమాణంలో డ్రయ్యర్ గుర్తు చివర ఉండేది. అందువల్ల పాత లేబుళ్లలో వరుస వేరుగా కనిపించవచ్చు. ఫొటోలో ఒక గుర్తు అస్పష్టంగా ఉన్నప్పుడు అది వరుసలో ఎన్నోదో చూస్తే దేనికి సంబంధించినదో తెలుస్తుంది కాబట్టి ఈ క్రమం తెలిసి ఉండటం నేరుగా పనికి వస్తుంది.

అమెరికా మార్కెట్‌కు కుట్టిన బట్టల్లో ఒక తేడా ఉంటుంది. అక్కడి గుర్తుల్లో తొట్టి లోపల ఉష్ణోగ్రతను అంకెకు బదులు చుక్కలతో చూపడం వాడుక: ఒక చుక్క అంటే 30 డిగ్రీల సెల్సియస్, రెండు చుక్కలు 40, మూడు 50. ఇస్త్రీ పెట్టెలోని చుక్కలకు, ఈ చుక్కలకు కొలత వేరు. ఎగుమతి కోసం కుట్టి మిగిలిపోయిన సరుకు హైదరాబాద్ మార్కెట్లోకి వస్తూనే ఉంటుంది కాబట్టి ఈ రెండు రకాల లేబుళ్లూ ఒకే దుకాణంలో పక్కపక్కన కనిపిస్తాయి.

## ఒక జాకెట్ లేబుల్

విషయం స్పష్టం కావడానికి పలుచని అస్తరు ఉన్న ఒక జాకెట్ లేబుల్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని మీద అక్షరాల్లో ఉన్న భాగం ఇది:

```
Shell: 65% Polyester, 35% Cotton
Lining: 100% Polyester
```

దాని కింద ఐదు గుర్తులు ఉన్నాయి. 30 అని రాసి, అడుగున ఒక గీత ఉన్న తొట్టి. కొట్టేసిన త్రిభుజం. లోపల వృత్తం ఉండి, మొత్తంగా కొట్టేసిన చతురస్రం. ఒక చుక్క ఉన్న ఇస్త్రీ పెట్టె. లోపల పి అనే ఆంగ్ల అక్షరం ఉన్న వృత్తం.

లేబుల్ శాటిన్ రిబ్బను మీద అచ్చయింది. శాటిన్ మెరుస్తుంది, పైగా కుట్టు దగ్గర ముడుచుకుని ఉంటుంది. ఫోన్ ఫ్లాష్ వేస్తే వెలుగు పడినచోట అక్షరాలు తెల్లబోతాయి. ఫ్లాష్ తీసేసి, లేబుల్ కింద ఒక గట్టి అట్ట పెట్టి చదును చేసి, పక్క నుంచి కిటికీ వెలుతురు పడేలా ఉంచి, సరిగ్గా పైనుంచి ఫొటో తీస్తే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. లేబుల్‌కు రెండు మూడు రేకులుంటే ప్రతి రేకును రెండు వైపులా తీయాలి. అలా తిప్పి చూడటం వల్ల మరో లాభం ఉంది. అనేక దేశాల్లో అమ్మే బ్రాండ్ల లేబుళ్లలో అదే సమాచారం పలు భాషల్లో ఉంటుంది, వెనుక రేకు మీద అరబిక్ కూడా అప్పటికే ఉండవచ్చు. అలాంటప్పుడు అనువాదమే అక్కరలేదు. తయారీదారు రాసిన పాఠం కంటే మెరుగైనది దుకాణంలో తయారు కాదు.

ఫొటో నుంచి అక్షరాలను గుర్తించే దశలో అంకెలే ముందుగా చెడతాయి. 6ను 8గా చదవడం, శాతం గుర్తును 96గానో 9గానో చదవడం తరచూ జరుగుతుంది. 65% కాస్తా 6596గా వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, కాని 85%గా వస్తే రాదు. దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ప్రతి భాగానికీ శాతాల మొత్తం 100 కావాలి. జాకెట్ పై గుడ్డకు 85, 35 అని వస్తే మొత్తం 120 అవుతుంది, తప్పు అక్కడే బయటపడుతుంది. అయితే పై గుడ్డను, అస్తరును కలిపి లెక్కించకూడదు. వాటి మొత్తం 200 కావడం సహజం, ఎందుకంటే ఒక్కో భాగానికి లెక్క విడిగా ఉంటుంది.

## గుర్తుల్లో పోయే గీతలు

అక్షర గుర్తింపు ప్రోగ్రాము గుర్తులను అక్షరాలుగా చూడదు. చాలా యాప్‌లు వాటిని వదిలేస్తాయి. కొన్ని తొట్టిలోని 30ని మాత్రం పట్టుకుని, దాన్ని ఏ సందర్భమూ లేని అంకెగా అరబిక్ పాఠంలో పడేస్తాయి. కాబట్టి గుర్తులను మనిషే చదవాలి, లేదా గుర్తుల కోసమే తయారైన సాధనంతో చదవాలి. ఏ దారిలో చదివినా ప్రమాదం ఉన్న చోట్లు మాత్రం అవే.

మొదటిది తొట్టి అడుగున ఉండే గీత. ఆ గీత లేకపోతే అర్థం 30 డిగ్రీలకు మించకుండా మామూలుగా ఉతకవచ్చని. గీత ఉంటే యంత్రంలో నెమ్మదైన చక్రం పెట్టాలి, రెండు గీతలుంటే ఇంకా నెమ్మదిగా తిప్పాలి. ఫొటోను కత్తిరించేటప్పుడు తొట్టి బొమ్మ కింది అంచు వరకే ఉంచి, గీతను వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. ఉష్ణోగ్రత సరిగ్గా చేరి, వేగం గురించిన సూచన చేరకపోతే నష్టం ఒక్క ఉతుకులో కనిపించకపోవచ్చు. నాలుగైదు ఉతుకుల తర్వాత అస్తరు మెలిపడటం, కుట్ల దగ్గర గుడ్డ లాక్కుపోవడం మొదలవుతాయి.

రెండోది మూడో గుర్తు. చతురస్రం లోపల వృత్తం ఉండి కొట్టేసి ఉంటే డ్రయ్యర్‌లో వేయవద్దని అర్థం. చతురస్రం లేకుండా వృత్తం ఒక్కటే కొట్టేసి ఉంటే డ్రై క్లీనింగ్ చేయవద్దని అర్థం. రెండింటికీ తేడా చతురస్రపు నాలుగు గీతలే. వెలిసిపోయిన లేబుల్‌లో ఆ గీతలు పలచబడితే ఒక ఆదేశం దానికి సంబంధమే లేని మరో ఆదేశంగా మారిపోతుంది. మన జాకెట్ విషయంలో ఇది ఎలా తెలుస్తుందంటే, ఐదో స్థానంలో పి అక్షరం ఉన్న వృత్తం ఉంది, అంటే డ్రై క్లీనింగ్ చేయవచ్చు. ఒకే లేబుల్ డ్రై క్లీనింగ్‌ను వద్దని, చేయవచ్చని రెండు విధాలా చెప్పదు. అందువల్ల మూడోది డ్రయ్యర్ గుర్తే అయి ఉండాలి. గుర్తులను విడివిడిగా కాక ఒక వరుసగా చదవడం వల్ల కలిగే ప్రయోజనం ఇదే.

ఇస్త్రీ పెట్టెలోని ఒక చుక్క తక్కువ వేడిని సూచిస్తుంది. ఎంతోకాలంగా లేబుళ్ల వివరణల్లో కనిపించే పరిమితి 110 డిగ్రీలు. ఈ స్థాయిలో ఆవిరి వాడితే గుడ్డ తిరిగి బాగుపడనంతగా చెడవచ్చు కాబట్టి ఆవిరి లేకుండా ఇస్త్రీ చేయాలన్న షరతు కూడా ఆ గుర్తులోనే ఉంది. అరబిక్ పాఠంలో కేవలం తక్కువ వేడి అని రాసి వదిలేస్తే ఆ షరతు పోతుంది. గుర్తులో లేని మాటను కలిపినట్టు కనిపించినా, ఆవిరి వద్దని స్పష్టంగా రాయడమే ఇక్కడ నమ్మకమైన అనువాదం.

వృత్తంలోని పి అక్షరం కొనుగోలుదారు కోసం కాదు, లాండ్రీవారి కోసం. ఏ రకం ద్రావకాలు వాడవచ్చో అది చెబుతుంది. పి ఉంటే పెర్‌క్లోరోఎథిలీన్‌తో సహా మామూలు ద్రావకాలు వాడవచ్చు, ఎఫ్ ఉంటే హైడ్రోకార్బన్ ద్రావకాలకే పరిమితం కావాలి, డబ్ల్యూ ఉంటే నీటితో చేసే వృత్తిపరమైన శుభ్రత. అరబిక్ లిపిలో పి శబ్దానికి అక్షరం లేదు. బి శబ్దపు అక్షరంతో దాన్ని రాస్తే రియాద్‌లోని లాండ్రీ మనిషికి ఏమీ అర్థం కాదు. ఈ అక్షరాన్ని మార్చకుండా, అసలు గుర్తు బొమ్మనే పాఠం పక్కన ఉంచాలి.

ఉష్ణోగ్రత విషయంలో స్థానిక పరిస్థితి ఒకటి కలుస్తుంది. అమెరికా లేబుళ్లలో చల్లటి నీళ్లతో ఉతకాలని మాటల్లో రాసి ఉంటే దాని వెనుక ఉన్న పరిమితి 30 డిగ్రీలు. గల్ఫ్‌లో వేసవి మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు, హీటరు వేయకపోయినా, దానికంటే వేడిగా ఉండవచ్చు. మే నెలలో హైదరాబాద్ ఇళ్లలోనూ ఇదే అనుభవం. చల్లటి నీళ్లు అన్న మాటను మాత్రమే అరబిక్‌లోకి మార్చితే చదివినవారు కుళాయి విప్పి అదే చల్లటి నీరని అనుకుంటారు. 30 అన్న అంకెను, గరిష్ఠంగా అన్న మాటను కలిపి రాస్తే ఆ అయోమయం ఉండదు.

## శాతం పక్క పేరుకు ఎలా అంటుకుంటుంది

మొత్తం ప్రక్రియలో ఎక్కువ హాని చేసేది, తక్కువగా గమనించేది ఈ దశ. అనువాదం పూర్తిగా సరైనదే అయినా తెరమీద కనిపించే వరుస వల్ల అర్థం తిరగబడుతుంది.

అరబిక్ అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే నడుస్తాయి. రెండూ ఒకే వరుసలో ఉన్నప్పుడు దేన్ని ఎక్కడ చూపాలో తేల్చడానికి యూనికోడ్‌లో నియమాలున్నాయి. వాటిలో మనకు అవసరమైనవి రెండు. ఒకటి, చాలా యాప్‌లలో ఆ పేరాలో మొదట వచ్చిన అక్షరం ఏ లిపిదో చూసి మొత్తం పేరా దిశ నిర్ణయమవుతుంది. ఇక్కడ అంకెలను, విరామచిహ్నాలను అక్షరాలుగా లెక్కించరు. రెండు, అరబిక్ అక్షరాల మధ్య చిక్కుకున్న అంకె ఆ అరబిక్ ముక్కతో కలిసిపోతుంది, ఆంగ్ల అక్షరం తర్వాత వచ్చిన అంకె ఆ ఆంగ్ల ముక్కతో ఉండిపోతుంది.

ఇప్పుడు జాకెట్ మొదటి వరుసను చూద్దాం. యాప్ పోగు పేర్లను సరిగ్గా మార్చి, మొదట ఉన్న షెల్ అన్న మాటను ఆంగ్లంలోనే వదిలేసిందని అనుకుందాం. టైపు చేసిన క్రమంలో పాఠం ఇలా ఉంటుంది: షెల్, 65%, బూలిస్తర్, 35%, కుత్న్. ఇందులో బూలిస్తర్ అంటే పాలిస్టర్, కుత్న్ అంటే నూలు. మొదటి అక్షరం ఆంగ్లం కాబట్టి పేరా దిశ ఎడమ నుంచి కుడికి అయిపోతుంది. షెల్ తర్వాత వచ్చిన 65% ఆంగ్ల ముక్కతో ఎడమ వైపే ఉండిపోతుంది. మిగిలిన బూలిస్తర్, 35%, కుత్న్ ఒకే అరబిక్ ముక్కగా కలిసి కుడి నుంచి ఎడమకు పేరుకుంటాయి. ఫలితంగా తెర మీద ఎడమ నుంచి చూస్తే షెల్, 65%, కుత్న్, 35%, బూలిస్తర్ అన్న వరుస కనిపిస్తుంది. అరబిక్ చదివేవారు కుడి నుంచి మొదలుపెట్టి బూలిస్తర్ 35%, కుత్న్ 65% అని చదువుతారు. పాలిస్టర్ ఎక్కువున్న జాకెట్ నూలు ఎక్కువున్న జాకెట్‌గా మారిపోయింది. ఒక్క అక్షరం కూడా తప్పు కాలేదు. మొత్తం 100 అన్న పరీక్ష కూడా దీన్ని పట్టుకోలేదు.

షెల్ అన్న మాటే ఉండాలని లేదు. వరుస మొదట్లో సరుకు కోడ్ నంబరులోని ఆంగ్ల అక్షరమో, బ్రాండు పేరో ఉన్నా ఇదే జరుగుతుంది. డిఫాల్టుగా ఎడమ నుంచి కుడికి దిశ ఉన్న స్ప్రెడ్‌షీట్‌లోనో, స్టిక్కర్ డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌లోనో అరబిక్ పాఠాన్ని అతికిస్తే, మొదట ఆంగ్లం లేకపోయినా ఇదే జరుగుతుంది. వాట్సాప్‌లో సరిగ్గా కనిపించిన వరుస ప్రింటింగ్ ప్రెస్ కంప్యూటర్‌లో తారుమారు కావడానికి కారణం ఇదే. డిజైన్ చేసేవారికి అరబిక్ రాకపోతే ఆ మార్పు వారి కంటికి ఆనదు.

తప్పును పట్టుకునే మార్గం ఒకటి ఉంది. యూరప్, అమెరికా నిబంధనలు రెండింటిలోనూ పోగులను ఎక్కువ శాతం నుంచి తక్కువ శాతానికి దిగే క్రమంలో రాయాలి. అరబిక్ వరుసను కుడి నుంచి చదివినప్పుడు చిన్న అంకె ముందు, పెద్ద అంకె తర్వాత వస్తే వరుస తిరగబడిందని గట్టిగా అనుమానించవచ్చు. మన జాకెట్ విషయంలో 35 ముందు, 65 తర్వాత వచ్చింది. రెండు పోగులూ సమానంగా 50 శాతం చొప్పున ఉంటే ఈ పరీక్ష పని చేయదు, కాని అప్పుడు తారుమారైనా నష్టం లేదు.

నివారణ ఇంకా తేలిక. పేరును ముందు, అంకెను తర్వాత రాయాలి. ప్రతి పోగునూ వేరే వరుసలో పెట్టాలి. వరుసలో ఆంగ్ల అక్షరం ఏదీ ఉండకూడదు. శాతం గుర్తుకు బదులు శాతం అని అర్థమిచ్చే బిల్‌మియా అన్న మాటను రాస్తే వరుస అరబిక్ అక్షరంతో మొదలై అరబిక్ అక్షరంతోనే ముగుస్తుంది. అలాంటి వరుస పేరా దిశ ఏదైనా ఒకేలా కనిపిస్తుంది. శాతం గుర్తునే వాడితే, పేరా దిశను బట్టి అది అంకెకు ఒకసారి ఎడమ పక్క, ఒకసారి వరుస చివర దూరంగా తేలుతుంది. అర్థం చెడకపోయినా చూడటానికి గందరగోళంగా ఉంటుంది.

## మామూలు మాటలు, వేరే అర్థాలు

పోగుల పేర్లలో చిక్కు తక్కువ. పాలిస్టర్, విస్కోస్, నైలాన్, ఆక్రిలిక్ అరబిక్‌లోనూ దాదాపు అదే ఉచ్చారణతో ఉంటాయి. నూలుకు, ఉన్నికి, పట్టుకు, నారకు అరబిక్‌లో సొంత పేర్లున్నాయి. యూరప్ లేబుల్‌లో ఎలాస్టేన్ అని, అమెరికా లేబుల్‌లో స్పాండెక్స్ అని ఉండేది ఒకే పోగు. లేబుల్‌లో ఏ పేరు ఉంటే అదే ఉంచడం మంచిది, ఎందుకంటే ఒక దుకాణంలోని రెండు లేబుళ్లను పోల్చి చూసేవారికి మూలంలోని పేరే ఆధారం.

చిక్కంతా వాటి చుట్టూ ఉన్న చిన్న మాటలతో వస్తుంది. షెల్ అంటే ఇక్కడ పై గుడ్డ, కాని సందర్భం తెలియని యాప్ దాన్ని సముద్రపు గవ్వగా మార్చగలదు. ఇస్త్రీని సూచించే ఐరన్ అన్న ఆంగ్ల మాట ఇనుము అనే లోహం అవుతుంది. పరిచి ఆరబెట్టాలన్న సూచనలోని ఫ్లాట్ అన్న మాట అపార్ట్‌మెంటు అవుతుంది. జాకెట్ నింపుడులో వాడే బాతు మెత్తని ఈకల పేరైన డౌన్, కింద అనే దిశావాచకం అవుతుంది. ఇవి నవ్వొచ్చేలా కనిపించే తప్పులు కాబట్టి అరబిక్ వచ్చినవారికి వెంటనే తెలిసిపోతాయి, వారు మూలాన్ని ఊహించుకోగలరు కూడా.

అలా తెలియని తప్పు ఒకటి ఉంది, అది హైదరాబాద్ దుకాణాలకు దగ్గరది. షేర్వానీ గుడ్డల మీద, చీరల మీద ఆర్ట్ సిల్క్ అన్న మాట విరివిగా కనిపిస్తుంది. అది కృత్రిమ పట్టుకు పొట్టి పేరు. ఆ గుడ్డ విస్కోస్‌తోనో పాలిస్టర్‌తోనో నేసినది, అందులో పట్టుపురుగు దారం ఉండదు. యాప్ దాన్ని కళాత్మకమైన పట్టు అని మార్చితే ఆ మాట అరబిక్‌లో చక్కగానే వినిపిస్తుంది, ఎవరూ అనుమానించరు. కాని దాని ఫలితం రెండు వైపులా ఉంటుంది. పట్టు అని నమ్మి ఎక్కువ ధర పెట్టినవారు మోసపోయామని అనుకుంటారు. పురుషులు అసలు పట్టు ధరించకూడదన్న ఇస్లామిక్ నియమాన్ని పాటించేవారు ఆ షేర్వానీని కొనకుండా వదిలేస్తారు, నిజానికి అందులో పట్టు లేకపోయినా. ఇక్కడ రాయాల్సిన మాట హరీర్ సినాయీ, అంటే కృత్రిమ పట్టు. అసలు పోగు పేరు లేబుల్‌లో ఉంటే దాన్నే శాతంతో సహా రాయడం ఇంకా మేలు.

ఇలాంటి కారణంతోనే వదిలేయకూడని మరో వరుస ఉంది. జంతువుల నుంచి వచ్చిన, వస్త్రం కాని భాగాలు ఉన్నాయని చెప్పే వాక్యాన్ని యూరప్ నిబంధన 1007/2011 తప్పనిసరి చేసింది. తోలు ముక్క, కొమ్ము గుండీ, ఈకలు వంటివి ఉన్న బట్టలపై ఇది కనిపిస్తుంది. లేబుల్ చివర చిన్న అక్షరాల్లో ఉండటం వల్ల ఫొటోలో కత్తిరింపుకు గురయ్యేది ముందుగా ఇదే. ఏ జంతువు అన్న ప్రశ్న చాలామంది అరబిక్ పాఠకులకు ముఖ్యం కాబట్టి ఈ వాక్యం ఉందన్న సంగతి వారికి చేరాలి.

## ఉర్దూ తెలిసినవారి తనిఖీ ఎక్కడి వరకు

హైదరాబాద్‌లో ఈ పనికి సహజంగా కనిపించే సహాయం ఉర్దూ చదవగలిగిన పక్క దుకాణదారు. లిపి దగ్గరిదే కాబట్టి ఆయన అక్షరాలను కూడబలుక్కుని చదవగలరు, కాని మాటల అర్థాలు అన్నిచోట్లా కలవవు. ఉర్దూలో శాతాన్ని ఫీసద్ అంటారు, ఇస్త్రీని ఇస్త్రీ అనే అంటారు. అరబిక్‌లో శాతం బిల్‌మియా, ఇస్త్రీ చేయడం కయ్య్. ఫీసద్ అని రాసిన స్టిక్కర్ జెడ్డాలో అరబిక్‌గా చెల్లదు.

కీబోర్డు మరో తేడా తెస్తుంది. ఉర్దూ కీబోర్డులోని కాఫ్, యే అక్షరాలు అరబిక్ అక్షరాలను పోలి ఉంటాయి గాని కంప్యూటర్‌కు అవి వేరే అక్షరాలు. చూసేవారికి పెద్ద తేడా తెలియకపోయినా ఆ పాఠంతో వెతికితే దొరకదు. ఉర్దూ అంకెల్లో 4, 6, 7 ఆకారాలు అరబిక్ అంకెల కంటే భిన్నం. శాతాల్లో ఇవి తరచుగా వస్తాయి. 0 నుంచి 9 వరకు మనం రోజూ వాడే అంకెలనే ఉంచితే అరబ్ దేశాల్లో అందరూ చదువుతారు, ఈ తేడా రాదు. అర్థం విషయంలో తనిఖీకి అరబిక్ చదువుకున్నవారే కావాలి. బార్కాస్‌లో అరబ్ మూలాలున్న కుటుంబాలు ఉన్నాయి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఇఫ్లూలోనూ అరబిక్ శాఖలున్నాయి, గల్ఫ్‌లో ఏళ్ల తరబడి పని చేసి తిరిగి వచ్చినవారు బస్తీకొకరు కనిపిస్తారు. ఈ చివరి వర్గానికి దుకాణాల్లో, లాండ్రీల్లో నిజంగా వాడే మాటలు తెలిసి ఉండటం అదనపు లాభం.

## పూర్తయిన పాఠం

పైన చెప్పిన పద్ధతిలో జాకెట్ లేబుల్ కూర్పు భాగం ఇలా వస్తుంది:

```
القماش الخارجي
بوليستر 65 بالمئة
قطن 35 بالمئة
البطانة
بوليستر 100 بالمئة
```

మొదటి వరుస పై గుడ్డ, నాలుగో వరుస అస్తరు. గుర్తుల భాగం మూలంలోని క్రమంలోనే ఇలా వస్తుంది:

```
غسيل في الغسالة بدورة لطيفة، 30 درجة مئوية بحد أقصى
عدم استعمال أي مبيّض
عدم التجفيف في مجفف الملابس
كيّ بحرارة منخفضة دون بخار
تنظيف جاف لدى مغسلة مختصة
```

యంత్రంలో నెమ్మదైన చక్రంతో, గరిష్ఠంగా 30 డిగ్రీల వద్ద ఉతకాలని మొదటి వరుస. ఏ బ్లీచ్ వాడవద్దని రెండోది, డ్రయ్యర్ వద్దని మూడోది, ఆవిరి లేకుండా తక్కువ వేడితో ఇస్త్రీ అని నాలుగోది, డ్రై క్లీనింగ్‌ను అది తెలిసిన లాండ్రీలోనే చేయించాలని ఐదోది. ఇవన్నీ ఉతుకు, ఉతకవద్దు అన్న ఆజ్ఞల్లా కాకుండా ఉతకడం, వాడకపోవడం అన్న క్రియానామాల రూపంలో ఉన్నాయి. అరబిక్‌లో ఆజ్ఞ రూపం చదివేది స్త్రీయా పురుషుడా అన్నదాన్ని బట్టి మారుతుంది, కర్మణి రూపం బట్ట పేరు ఏ లింగమన్నదాన్ని బట్టి మారుతుంది. క్రియానామానికి ఆ బెడద లేదు కాబట్టి ఒకే పాఠాన్ని చొక్కాకూ జాకెట్‌కూ వాడుకోవచ్చు.

రెండో వరుసలోని ఏ బ్లీచ్ అన్న మాట అనవసరంగా చేరింది కాదు. మామూలు త్రిభుజానికి అర్థం ఏ బ్లీచ్ అయినా వాడవచ్చని, రెండు ఏటవాలు గీతలున్న త్రిభుజానికి క్లోరిన్ లేని ఆక్సిజన్ బ్లీచ్ మాత్రమే వాడవచ్చని, కొట్టేసిన త్రిభుజానికి రెండూ వద్దని. కేవలం క్లోరిన్ వద్దని రాస్తే మూడో గుర్తు రెండో గుర్తుగా మారిపోతుంది.

ఏదైనా గుర్తు ఫొటోలో తెలియకపోతే దాన్ని ఊహించి పూరించకూడదు. బట్ట దుకాణంలోనే ఉన్నప్పుడు మళ్లీ ఫొటో తీయడం నిమిషం పని. బట్ట అప్పటికే పార్సిల్ అయిపోయి ఉంటే ఆ వరుసలో గైర్ వాదిహ్, అంటే స్పష్టంగా లేదు, అని రాసి అసలు ఫొటోను జత చేయాలి. పోగును చూసి గుర్తును అంచనా వేయడం కూడా నమ్మదగింది కాదు, ఎందుకంటే లేబుల్‌లోని పరిమితి గుడ్డ ఒక్కదానితో తేలదు. రంగు, లోపలి అంటింపు గుడ్డ, గుండీలు, అస్తరు అన్నింటిలో ఏది ముందు చెడుతుందో దాన్ని బట్టి తేలుతుంది. నూలు 60 డిగ్రీలు తట్టుకుంటుందన్న తెలివితో, 30 అని ఉన్న నూలు చొక్కాను 60కి మార్చితే రంగు దిగిపోతుంది.

కొనుగోలుదారుకు సమాచారంగా పంపే పాఠానికి, సరుకు మీద అధికారికంగా అంటించే లేబుల్‌కు మధ్య తేడా ఉంది. మొదటిదానికి పైన చెప్పిన జాగ్రత్తలు చాలు. టోకుగా ఎగుమతి చేసే సరుకుకు మాత్రం దిగుమతి చేసుకునే దేశం ఏ మాటలు, ఏ క్రమం, ఎంత అక్షర పరిమాణం కోరుతుందో ఆ దేశపు దిగుమతిదారు ద్వారా ముందే రాతపూర్వకంగా తీసుకుని, అచ్చు వేసే ముందు నమూనా స్టిక్కర్ ఫొటోను వారికే చూపించి ఒప్పించుకోవాలి. పాఠం టైపు చేసిన ఫైలును కాకుండా అచ్చయిన స్టిక్కర్‌నే చూపించాలి, ఎందుకంటే అంకెలు తారుమారయ్యేది ఆ రెండింటి మధ్యనే.